ఒక వారం ఆయన మాటలు, ఆమె పనులు

కారు కడిగిన భర్తతో మొదలుపెడదాం. ఇది కల్పన కాదు, నిజంగా జరిగింది. థామస్ విల్స్, రాబర్ట్ వైస్, జెరాల్డ్ ప్యాటర్సన్ అనే ముగ్గురు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏడు జంటలను రెండు వారాలపాటు పరిశీలించి, ఆ వివరాలను 1974లో ప్రచురించారు. భార్య చేసినవాటిలో తనకు ఏది హాయిగా అనిపించిందో, ఏది నొప్పించిందో భర్త రోజూ రాసుకోవాలి. భార్య కూడా అంతే. మధ్యలో భర్తలకు ఒక సూచన అందింది: మీ ఆవిడ పట్ల మరికాస్త ప్రేమగా మెలగండి అని. ఆ మాట విని ఒక భర్త వెళ్లి భార్య కారు శుభ్రంగా కడిగాడు. భార్య దాన్ని ప్రేమగా లెక్కవేయలేదు. పరిశోధకులూ వేయలేదు. ఆయన మాత్రం నిజంగానే ఆశ్చర్యపోయాడు.

సామాజిక శాస్త్రవేత్త ఫ్రాన్సెస్కా కాన్షియన్ 1986లో ఒక వ్యాసంలో ఈ సంఘటనను మళ్లీ ముందుకు తెచ్చారు. ప్రేమంటే మాటలూ మనసు విప్పడమూ మాత్రమే అని అందరం ఒప్పేసుకున్నామనీ, చేతలతో ప్రేమించేవాళ్లు అందువల్ల ప్రేమ తెలియనివాళ్లలా కనిపిస్తున్నారనీ ఆమె వాదన. ఆమె మాట సగమే ఒప్పుకున్నా, కారు దగ్గర బకెట్టుతో నిలబడ్డ ఆ మనిషిని మరచిపోవడం కష్టం. ఆయన అబద్ధం ఆడలేదు, తప్పించుకోలేదు. తనకు తెలిసిన మంచి పని చేశాడు. అది అవతలికి చేరలేదు, అంతే.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ భర్తకు ఒక వారంపాటు కారు ముట్టుకోవద్దని చెప్పి, ఆయన భార్య ఎలా ప్రేమ చూపుతుందో అచ్చం అలాగే చూపమంటే? ఆమెనేమో ఆ ఏడు రోజులూ మాటలు పక్కనబెట్టి బకెట్టు పట్టుకోమంటే? ఏం జరుగుతుంది?

ఈ ఊహాప్రయోగాన్ని చాలామంది దంపతులు సరదాగా మొదలుపెట్టి, రెండో నిమిషంలో ఆలోచనలో పడతారు. ఎందుకంటే మొదటి మెట్టే ఎక్కడం కష్టం. అవతలి మనిషి ప్రేమ చూపే తీరు మనం వారం రోజులు అనుకరించాలంటే, ఆ తీరేమిటో ముందు మనకు తెలియాలి.

ఈ ఆలోచనకు అందరికీ తెలిసిన మూలం ఒక పుస్తకం. అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రంలో దంపతులకు సలహాలు చెప్పే పాస్టర్ గారీ చాప్‌మన్ 1992లో ప్రేమకు ఐదు భాషలున్నాయని రాశారు. మెచ్చుకోలు మాట, కలిసి గడిపే సమయం, కానుక, చేసిపెట్టే పని, స్పర్శ. ప్రతివారికీ వీటిలో ఒకటి మాతృభాష లాంటిదనీ, దంపతుల భాషలు కలవకపోతే ప్రేమ ఉండి కూడా అందదనీ ఆయన చెప్పారు. ఆ పుస్తకం రెండు కోట్ల ప్రతులకు పైగా అమ్ముడైంది. అంతమంది కొన్నారంటే కారణముంది. ‘నీకు నా మీద ప్రేమ లేదు’ అనే ఆరోపణను ‘నీ ప్రేమ నాకు అర్థమయ్యే తీరులో లేదు’ అనే మాటగా మార్చి ఇచ్చింది. రెండో మాట విన్నవారికి గాయం తగలదు.

అయితే శాస్త్రం దగ్గరకు వచ్చేసరికి ఆ ఐదు గదుల పెట్టె అంత గట్టిగా నిలబడలేదు. ఎమిలీ ఇంపెట్, గిడియన్ పార్క్, ఏమీ మ్యూజ్ అనే ముగ్గురు కెనడా పరిశోధకులు అంతవరకు వచ్చిన అధ్యయనాలన్నీ వడగట్టి 2024లో ఒక సమీక్ష రాశారు. ఒకటే ఎంచుకోమంటే మనుషులు ఒకటి ఎంచుకుంటారు. ఒక్కొక్కదానికీ విడివిడిగా మార్కులు వేయమంటే మాత్రం దాదాపు అన్నిటికీ ఎక్కువే వేస్తారు. అంటే ‘నా భాష ఇది’ అన్నది చాలావరకు ప్రశ్న అడిగిన పద్ధతి వల్ల పుట్టిన జవాబు. ప్రేమను భాషతో కాకుండా సమతుల ఆహారంతో పోల్చడం మేలని వాళ్లు సూచించారు. పప్పు ఎంత ఇష్టమైనా ఏడాది పొడవునా పప్పు ఒక్కటే తిని ఒళ్లు నిలవదు కదా.

అదే నిజమైతే తీరు మార్చుకునే వారం ఎందుకు? భాషలు సరిపోల్చడానికైతే నిజంగానే అక్కర్లేదు. దానివల్ల దొరికేది వేరే ఉంది. అదేమిటో ఒక ఇంట్లోకి వెళ్లి చూస్తే తెలుస్తుంది.

ఇల్లు రాజమహేంద్రవరంలో అనుకుందాం. ఇది ఊహే. ఇందులోని మనుషులు ఎవరూ కారు, కానీ ఇలాంటి ఇళ్లు మనందరికీ తెలుసు. ఆయనకు మందుల షాపు. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్లై పదహారేళ్లు. ఒక కూతురు, ఇంట్లో ఆయన తల్లి.

ఆయన నోరు విప్పి ఏదీ చెప్పే మనిషి కాదు. పొద్దున్నే ఆమె బండి సీటు తుడిచి, పెట్రోలు ఉందో లేదో చూసి, గేటు దాకా తెచ్చి పెడతాడు. రాత్రి షాపు మూసి వచ్చేటప్పుడు బత్తాయిలు తెస్తాడు. తొక్క తీసి, తెల్లటి పొర కూడా గోటితో ఒలిచి, తొనలు విడదీసి గిన్నెలో పెడతాడు. పేపర్లు దిద్దుకునే ఆమె పక్కన ఆ గిన్నె పెట్టి వెళ్లిపోతాడు. ఆమెది మరో దారి. మధ్యాహ్నం ‘తిన్నారా?’ అని మెసేజి. రాత్రి ‘ఏంటండీ విశేషాలు’ అని కూర్చుని అడగడం. జ్వరంగా ఉందేమోనని నుదుటి మీద చెయ్యి వేయడం. చుట్టాల ముందు ఆయన గురించి ఒక మంచి మాట అనడం.

మొదటి పని కాగితం మీద. ప్రేమగా తాను చేస్తున్నానని అనుకునేవన్నీ ఎవరికి వారు విడిగా రాసి, కాగితాలు మార్చుకుంటారు. ఆయన ఆరు రాశాడు. ఆమె చదివి నాలుగో దాని దగ్గర ఆగింది. ‘బత్తాయా? అది మీకు అలవాటనుకున్నా. టీవీ చూస్తూ చేతులు ఊరుకోక వలుస్తారనుకున్నా.’ ఆయన ఆమె కాగితం చదివి, ‘మొన్న మీ అక్క వాళ్లింట్లో అన్న మాట కూడా దీని కిందకే వస్తుందా?’ అన్నాడు.

ఇదే కారు కడిగిన కథ. ప్రయోగం ఇంకా మొదలే కాలేదు, అప్పుడే సగం బయటపడింది. ఇక్కడ ఒక పాత పరిశోధన గుర్తు చేసుకోవాలి. ఎలిజబెత్ రాబిన్సన్, గెయిల్ ప్రైస్ అనే ఇద్దరు 1980లో ఒక పనిచేశారు. శిక్షణ ఇచ్చిన పరిశీలకులను దంపతుల ఇళ్లకు పంపి, ఒకరు ఇంకొకరి పట్ల చూపే మంచి నడవడిని లెక్కపెట్టించారు. అదే సమయంలో దంపతుల చేతా లెక్క రాయించారు. సంతోషంగా ఉన్న జంటల లెక్క పరిశీలకుల లెక్కకు దగ్గరగానే వచ్చింది. కలతల్లో ఉన్న జంటలు మాత్రం జరిగిన మంచిలో దాదాపు సగం చూడనే లేదు. ఆ ఇళ్లలో కొరత ఇవ్వడంలోనే కాదు, కనిపించడంలో కూడా ఉందన్నమాట. మనం చాలాసార్లు ఇచ్చే చేతిని మాత్రమే సరిచేయాలనుకుంటాం. పుచ్చుకునే కంటి సంగతి ఎవరూ ఎత్తరు.

కాగితాలు మారాక, వారానికి హద్దులు గీయాలి. ఆయన రాసిన ఆరింటిలో ఒకటి, అత్తగారి బీపీ, షుగరు మాత్రలు ఆదివారం కూర్చుని ఏడు రోజుల డబ్బాలో సర్దడం. అది మార్పిడిలోకి రాకూడదు. ఒక పని ఆగితేనో, తప్పు జరిగితేనో మూడో మనిషికి కష్టం కలిగేదైతే దాన్ని ప్రయోగంలో పెట్టడం అన్యాయం. రెండో హద్దు, పాతది మానడం గురించి. మార్పిడి అంటే అవతలివారి తీరు ఎత్తుకోవడం ఒక్కటే కాదు, తనది పక్కన పెట్టడం కూడా. ఈ రెండో భాగం లేకపోతే ఇది మామూలు ‘ఇంకాస్త మంచిగా ఉందాం’ అనే తీర్మానమే. లేకపోవడం వల్లే కొన్ని కనిపిస్తాయి.

సోమవారం పొద్దున ఆమె బండి దగ్గరకు వెళ్లింది. సీటు తుడవడం తేలికే. పెట్రోలు చూడబోతే మీటరు ముల్లు కదలదు. ఎప్పుడో చెడిపోయింది. ఆమెకు ఆ సంగతే తెలియదు, ఎన్నడూ చూడాల్సిన అవసరం రాలేదు. లోపలికి వచ్చి అడిగింది. ఆయన చెప్పాడు: సీటు ఎత్తి, మూత తిప్పి, బండిని రెండు చేతులతో కొంచెం అటూ ఇటూ ఊపాలి. లోపల పెట్రోలు తొణికే చప్పుడు బట్టి తెలుస్తుంది. పల్చగా, ఖాళీ డబ్బాలో నీళ్లలా వినిపిస్తే ఆ రోజే పోయించాలి. స్కూలుకు వెళ్లి రావడం పద్నాలుగు కిలోమీటర్లు, శనివారం మ్యూజిక్ క్లాసు ఉంటే ఇంకో ఆరు, అంచేత బుధవారం ఒకసారి తప్పకుండా చూడాలి.

రెండేళ్లుగా ఆయన రోజూ ఆ బండిని ఊపి, చెవి పెట్టి వింటున్నాడు. ఆమె దారిలో ఎప్పుడూ ఆగిపోలేదు. ఆగిపోకపోవడం అన్నది కనిపించే వస్తువు కాదు కాబట్టి, దాని వెనకున్న మనిషీ కనిపించలేదు.

ఆయన మధ్యాహ్నం ఇంకోలా ఇబ్బంది పడ్డాడు. ‘తిన్నావా?’ అని మెసేజి పెట్టాలి. మూడే అక్షరాలు. పన్నెండుకు పెడితే క్లాసులో ఉంటుందేమో. ఒంటిగంటకు పెడితే అప్పటికే తినేసి ఉంటుందేమో. ఆమె స్కూల్లో భోజనం గంట ఎప్పుడు కొడతారో పదహారేళ్లుగా ఆయనకు తెలియదు. ఆమెకు మాత్రం ఆయన షాపులో రద్దీ ఎప్పుడు తగ్గుతుందో తెలుసు. ఆసుపత్రి ఓపీ ఒంటిగంటన్నరకు ముగుస్తుంది, చీటీలు పట్టుకొచ్చేవాళ్లు రెండింటికి తగ్గుతారు, అందుకే ఆమె మెసేజి రోజూ రెండుంబావుకు వస్తుంది. అది ఊరికే వచ్చే మెసేజి కాదని ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఈ మార్పిడిలో అసలు దొరికే సొత్తు ఇదే. పని చేసేవారి ప్రేమ వెనుకా, మాట చెప్పేవారి ప్రేమ వెనుకా ఎదుటి మనిషి గురించి పోగుచేసుకున్న ఎరుక ఉంటుంది. పైకి కనిపించేది బండి తుడవడమో ఒక పలకరింపో. కింద ఉండేది కిలోమీటర్ల లెక్క, గంట కొట్టే వేళ, రద్దీ తగ్గే సమయం. పనులు మారినప్పుడు ఆ ఎరుక చేతిలో ఉండదు, అడిగి తెలుసుకోవాలి. ఆ అడగడంలోనే ఒకరి శ్రద్ధ మరొకరికి బయటపడుతుంది. ఐదు భాషల పట్టికలో ఎక్కడా ఈ ఎరుక గడి లేదు. అన్ని గడుల కిందా ఉన్నది అదే.

బుధవారానికి చిక్కు వచ్చింది. మూడు రోజులుగా ఆయన రోజూ భోజనం దగ్గర ‘కూర బాగుంది’ అంటున్నాడు. మూడోరోజు ఆమె చెయ్యి కడుక్కుంటూ, ‘వారం పెట్టుకున్నామని అంటున్నారా, నిజంగా బాగుందా?’ అని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు.

దీన్ని ఇద్దరిలో ఎవరి తప్పుగానూ చూడనక్కర్లేదు. దంపతుల చికిత్సలో ఇది అందరూ ఎరిగిన గండం. సలహాదారు చెప్పాడని చేసిన మంచి పనిని, అవతలివారు చేసినవారి ఖాతాలో వేయరు, చెప్పినవారి ఖాతాలో వేస్తారు. ఆండ్రూ క్రిస్టెన్సెన్, నీల్ జేకబ్సన్ అనే ఇద్దరు చికిత్సా నిపుణులు 1990లలో తమ పాత పద్ధతిని తామే సరిదిద్దుకున్నది చాలావరకు ఈ కారణంతోనే. నియమం కోసం చేసిన పనికీ, ఆ క్షణం అలా చేయించినందువల్ల చేసిన పనికీ తేడా ఉంటుందనీ, మనిషి ఆ తేడా పసిగడతాడనీ వాళ్లు గుర్తించారు. భర్త పొద్దున వెళ్తూ భుజం మీద చెయ్యి వేశాడు. పట్టికలో ఉందని వేసిన చెయ్యి, నిద్ర చాలక ఆమె కళ్లు ఎర్రబడ్డాయని చూసి వేసిన చెయ్యి ఒకటి కావు. బయటి నుంచి ఫొటో తీస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

తెలుగు ఇళ్లలో ఈ గండానికి ఇంకో మెలిక ఉంది. మన ఇంటి భాషలో మొగుడూ పెళ్లాల మధ్య మెచ్చుకోలుకు సిద్ధంగా ఉన్న మాటలు తక్కువ. ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అంటే సినిమా డైలాగు లాగా వినిపిస్తుంది. ఎదురుగా పొగిడితే దిష్టి తగులుతుందనీ, ఆయుక్షీణమనీ పెంచిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. అంచేత మన పెద్దవాళ్లు మెచ్చుకోలును వేరే మాటల్లో దాచారు. ‘మళ్లీ కాస్త వెయ్యి’ అంటే కూర అమోఘం అని. ‘చేరగానే ఫోన్ చెయ్యి’ అంటే నువ్వు లేకపోతే నాకు తోచదని. నోరు లేని మనిషిని మాటలతో ప్రేమించమని పంపేటప్పుడు, ఇంగ్లీషు పుస్తకంలోని మాటలు తెలుగులోకి దింపుకుని చెప్పమంటే అది నాలుక మీద నిలవదు. ఆయనకు తన భాషలోనే దారి వెతుక్కోవాల్సి ఉంటుంది.

గురువారం రాత్రి ఆయనకు దారి దొరికింది. ఆమె పేపర్లు దిద్దుతోంది. కాసేపు చూసి అన్నాడు: ‘నిన్న ఒక పేపరు కట్టలో పెట్టేసి, మళ్లీ తీసి రెండు మార్కులు కలిపావు. ఎవరిది?’ ఆమె తలెత్తింది. ‘జవాబు తప్పు, కానీ లెక్క నడిపిన దారి సరైంది. ఆ అబ్బాయి వాళ్ల నాన్నతో పాటు చేపలకు వెళ్తాడు, రాత్రుళ్లు చదవలేడు.’ ‘అందరూ మళ్లీ తీసి చూడరులే’ అన్నాడు ఆయన.

అంతే. ‘నువ్వు గొప్ప టీచరువి’ అనలేదు. తాను చూసిన ఒక్క సంగతి చెప్పాడు. బుధవారం మాటకూ గురువారం మాటకూ తేడా మాటల తీపిలో లేదు. ‘కూర బాగుంది’ అన్న మాట ఏ ఇంట్లో, ఏ కూరకైనా అనవచ్చు. పేపరు తీసి రెండు మార్కులు కలపడం ఆ గదిలో, ఆ రాత్రి, ఆమెను చూస్తున్నవారు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. మెచ్చుకోలు కృత్రిమంగా ఉందా లేదా అని తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి గుర్తు ఉండదేమో. ఆ వాక్యం ఇంకొకరి భార్యకు, ఇంకొకరి భర్తకు కూడా అతుకుతుందా? అతికితే ఇంకా చూడాల్సింది ఉంది.

శుక్రవారం లేమి తెలిసిన రోజు. ఆ రోజు షాపుకు డ్రగ్ ఇన్‌స్పెక్టరు వచ్చి రెండు గంటలు రిజిస్టర్లు చూశాడు. తప్పేమీ దొరకలేదు గానీ ఆయనకు గుండె దడ తగ్గలేదు. మామూలు రోజైతే రాత్రి ఆమె కూర్చోబెట్టి అడిగేది, ఆయన ‘ఏముంటాయి’ అంటూనే అంతా చెప్పేసేవాడు. ఈ వారం అడగడం ఆమె వంతు కాదు. పదిన్నరకు ఆయన పడుకుని ఫ్యాను వైపు చూస్తూ, ఆ కబురు తన దగ్గరే ఉండిపోయిందని గ్రహించాడు. తాను మాటల మనిషిని కాదని ఆయన ఇన్నాళ్లూ నమ్మాడు. రోజూ ఎవరో అడుగుతూ ఉండబట్టి ఆ నమ్మకం నిలిచింది. ఇక ఆమె? ఐదు రాత్రులుగా పక్కన గిన్నె లేదు. వంటింట్లో బత్తాయిలున్నాయి, వలుచుకుని తినవచ్చు. తినలేదు. తానుగా వలుచుకుని తినేది కాదు అది.

ఇంతవరకు చూస్తే ఇద్దరి పళ్లేల్లో సమానంగా వడ్డించినట్టు ఉంది. అన్ని ఇళ్లూ ఇలా ఉండవు, ఈ ప్రయోగం తడబడేది కూడా అక్కడే. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతా తిరిగి ఎవరి సమయం ఎలా గడుస్తోందో లెక్కగట్టింది. జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చించేవారు. చేసే పురుషులు 97 నిమిషాలు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టే పురుషులే నూటికి 26 మంది. ‘చేసిపెట్టడం’ అనేదాన్ని ప్రేమ పట్టికలో వేసేముందు ఈ అంకెల ముందు కాసేపు నిలబడాలి. ఆయన వారానికోసారి చేసిన ఉప్మా ప్రేమ అయ్యి, ఆమె రోజూ మూడు పూటలా వండేది బాధ్యత అయితే, ఆ పట్టిక మొదటి గీతే వంకర. అలాంటి ఇంట్లో వారం మార్పిడికి ముందు పనుల పంపకం గురించి మాట్లాడుకోవాలి. పనుల భారాన్ని ప్రేమ పేరుతో కప్పిపుచ్చే చోట ఈ ప్రయోగం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

చేయి చేసుకునే మనిషి, ఫోను లాక్కుని చూసే మనిషి, భయపెట్టే మనిషి ఉన్న ఇంట్లో అయితే దీని ఊసే వద్దు. ‘నీకు స్పర్శ ఇష్టం లేదు కాబట్టి ఈ వారం అదే చేయాలి’ అన్న మాట అక్కడ ఆయుధం అవుతుంది. బాగున్న ఇంట్లో కూడా ఒంటిని తాకే విషయం ఆ నిమిషం ఆ మనిషి ఒప్పుకోలు మీదే నడవాలి, కాగితం మీద రాసుకున్నది చాలదు.

దూరం మరో హద్దు. జగిత్యాల, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి ఇళ్లలో ప్రేమ ఎక్కువగా డబ్బు రూపంలో, రెండేళ్లకోసారి వచ్చే అట్టపెట్టెల రూపంలో వస్తుంది. కువైట్‌లో ఇంటి పనికి కుదిరిన తల్లి పంపే డబ్బుతో ఇక్కడ పిల్లల చదువు సాగుతుంది. వాళ్లను చేయి వేసి చెప్పమనలేం. అయితే ఊహలో మార్చి చూడటానికి విమానం టికెట్టు అక్కర్లేదు. ఇక్కడున్న మనిషి ఒక వారం, ‘డబ్బు పంపడానికి ఆమె ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరిని అడిగి బయటికి వస్తుంది’ అని కనుక్కుంటే చాలు. ఎప్పటికప్పుడు చేతికందే మొత్తం వెనుక ఉన్న శుక్రవారం మధ్యాహ్నం కనిపిస్తుంది.

సరే, ఊహతో ఆగకుండా నిజంగా చేసి చూడాలనుకునేవాళ్లకు కొన్ని ఆనవాళ్లు పాత చికిత్సకుల దగ్గరే దొరుకుతాయి. రిచర్డ్ స్టూవర్ట్ అనే అమెరికన్ చికిత్సకుడు ‘శ్రద్ధ చూపే రోజులు’ అనే అర్థం వచ్చే పేరుతో దంపతులకు ఒక పని ఇచ్చేవారు. 1980లో వచ్చిన తన పుస్తకంలో దాన్ని వివరంగా రాశారు. భార్యాభర్తలు తమకు కావలసిన చిన్నచిన్న పనులు ఒక పట్టిక రాస్తారు. అందులోకి ఏది రావచ్చన్నదానికి నిబంధనలున్నాయి. ‘చేయొద్దు’ అనేది కాకుండా ‘చేయి’ అనేది కావాలి. రోజూ చేయగలిగేంత చిన్నది కావాలి. ‘నన్ను పట్టించుకో’ లాంటిది చెల్లదు, ‘ఇంటికి రాగానే రెండు నిమిషాలు నా పక్కన కూర్చో’ లాంటిది చెల్లుతుంది. ఈ మధ్యే గొడవపడిన విషయం అందులో ఉండకూడదు. అవతలివారు చేశారా లేదా అని చూడకుండా ఎవరి వంతు వారు చేయాలి. ఇక పట్టికలో తేదీ రాసేది చేసినవారు కాదు, అందుకున్నవారు.

ఈ చివరి నిబంధనలో చాలా తెలివి ఉంది. చేసినవారే రాసుకుంటే పట్టిక రెండో రోజుకే ఖాతా పుస్తకం అవుతుంది. ‘నేను ఐదు, నువ్వు రెండు’ అన్న మాట ఏ రోజు ఇంట్లో వినిపిస్తే ఆ రోజే వారం ఆపేయడం మంచిది. అందుకున్నవారు రాయాలంటే, రాయడానికి ముందు గమనించాలి. రాబిన్సన్, ప్రైస్ కొలిచిన ఆ కనిపించని సగం మీద ఈ ఒక్క నిబంధన సూటిగా పనిచేస్తుంది. స్టూవర్ట్ పద్ధతిలో పాతది మానడం అంటూ లేదు, కలపడమే ఉంది. అందుకే ఇద్దరి మధ్య ఇప్పటికే ఉక్కపోత ఉన్నవాళ్లు మార్పిడి జోలికి పోకుండా ఈ కలిపే పద్ధతితో సరిపెట్టుకోవాలి. ఉన్న కాస్త ప్రేమనూ వారం పాటు ఆపితే తట్టుకునే బలం అందరి దగ్గరా ఉండదు. తమ ఇల్లు ఏ కోవలోదో తెలుసుకోవడానికి కాగితాలు మార్చుకున్న ఆ మొదటి గంట చాలు. ఎదుటివారు రాసింది చదివి ‘ఇది నాకు తెలియనే లేదు’ అని మాట వస్తే ముందుకు వెళ్లవచ్చు. ‘ఇదీ ఒక ప్రేమేనా’ అని వస్తే అక్కడే ఆగాలి.

రాజమహేంద్రవరం ఇంట్లో ఆదివారం రాత్రికి వారం ముగిసింది. ఇద్దరూ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆయన ‘తిన్నావా’ ఎదురుగా, పన్నెండు నలభైకి గంట కొడతారు అని రాసుకున్నాడు. ఆ మెసేజి తానే పెడతానన్నాడు. రెండుంబావుకు వచ్చేది కూడా ఆపవద్దని అడిగాడు. అడగడం కాస్త కష్టంగానే ఉండింది, కూతురు గదిలోకి వెళ్లేదాకా ఆగి అడిగాడు. ఆమె బండి సంగతి ఎత్తింది. మీటరు బాగుచేయిద్దామా అంది. మెకానిక్‌ని ఇదివరకే అడిగాననీ, ట్యాంకులో తేలే ఫ్లోటు మార్చాలన్నాడనీ, మార్పించడానికి బండి ఒక పూట వదలాలి కాబట్టి ఆమె సెలవుల కోసం చూస్తున్నాననీ ఆయన చెప్పాడు.

అంటూనే లేచి వంటింట్లోకి వెళ్లి రెండు బత్తాయిలు తెచ్చాడు. ఈసారి ఆమె పెన్ను పక్కన పెట్టి, ఆయన గోటితో తెల్ల పొర లాగడం మొదటినుంచి చివరిదాకా చూసింది.